తుంటిలో చీము: పది రోజులా, ఆరు వారాలా?

డ్యూటీ పీజీ: ఆరేళ్ల బాబు, మూడు రోజులుగా జ్వరం, కుడి కాలు నేల మీద పెట్టట్లేదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్పీ 110. తుంటి కీలులోంచి తీసిన నీళ్లలో తెల్లకణాలు 38,000 వచ్చాయి. 50,000 దాటలేదు కాబట్టి కీలులో చీము కాదనుకోవచ్చా? చీమే అయితే యాంటీబయాటిక్ ఎన్నాళ్లు?

ఆర్థో సార్: నీళ్లు తీసింది నేనే. సిరంజి వెనక కేస్ షీట్ పెట్టి చూస్తే ఒక్క అక్షరం కనిపించలేదు, అదే మంచి కీలైతే అవతల రాత చదువుకోవచ్చు. కణాల్లో నూటికి 92 చీములో ఉండే న్యూట్రోఫిల్సే, పైగా వీధి చివర డాక్టర్ దగ్గర రెండు రోజులు ఇంజెక్షన్లు వేయించుకుని వచ్చాడు, అంకె తగ్గదా మరి? సాయంత్రమే కీలు తెరిచి కడుగుతాను. తర్వాత ఆరు వారాలు మందు, అందులో మూడు వారాలు నరంలోకే.

పిల్లల డాక్టర్: కడగడం దగ్గర నాకు పేచీ లేదు సార్. చీము ఒత్తిడికి తొడ ఎముక తలకి రక్తం అందకుండా పోతుంది, తుంటి విషయంలో రేపు చూద్దాం అనకూడదు. కల్చర్‌కి పంపేటప్పుడు ఆ నీళ్లలో కొంత బ్లడ్ కల్చర్ సీసాలో కూడా వేశారు కదా, మంచి పని, మొండి క్రిములు కొన్ని అందులోనే పెరుగుతాయి. నా అభ్యంతరం ఆరు వారాలకే. ఫిన్లాండ్‌లో పిల్లల మీద చేసిన ట్రయల్ 2009లో వచ్చింది, కీలులో చీముకి 10 రోజులు వాడినవాళ్లూ 30 రోజులు వాడినవాళ్లూ ఒకేలా కోలుకున్నారు. మొదటి రెండు నుంచి నాలుగు రోజులే నరంలోకి, మిగతాదంతా నోటితోనే, కాకపోతే మోతాదు బాగా ఎక్కువ. జ్వరం, నొప్పి తగ్గి సీఆర్పీ 20 కిందికి దిగాకే ఆపారు.

ఆర్థో సార్: ఆ పిల్లల్లో ఎమ్మార్ఎస్ఏ, అంటే మామూలు మందులకి లొంగని స్టాఫ్ క్రిమి, లేదు మేడమ్. మన వార్డులో ఉంటుంది. అక్కడి లెక్క ఇక్కడ ఎలా అతికిస్తారు?

పిల్లల డాక్టర్: అది నిజమే. మూడు నెలల్లోపు పసివాళ్లు కూడా అందులో లేరు. ఎమ్మార్ఎస్ఏ వస్తే పది రోజులని నేనూ అనను.

వార్డు సిస్టర్: మా చిన్నోడికి పుట్టిన ఇరవయ్యో రోజున ఎడమ కాలు కదలడం ఆగిపోయింది, టీకా నొప్పేనని వారం గడిపేశారు. ఇప్పుడు ఆ కాలు పొట్టి. ఇంకో నెల మందు వాడి ఉంటే బాగుండేది కదా మేడమ్?

పిల్లల డాక్టర్: లేదు సిస్టర్, అక్కడ కొంప ముంచింది మొదట్లో వృథా అయిన ఆ వారమే. చీము బయటికి తీయకుండా ఎన్ని నెలలు వాడినా ఆ తుంటి దక్కేది కాదు.

ఆర్థో సార్: పసివాళ్ల సంగతి వేరు. ఈ బాబుకి నా భయం ఎముక గురించి. తొడ ఎముక మెడ తుంటి సంచి లోపలే ఉంటుంది, అక్కడ ఎముకలో చీము పట్టి పగిలితే నేరుగా కీలులోకే. నీళ్లు చూసి కీలు చీము అనుకుంటాం, అసలు పుండు ఎముకలో ఉంటుంది. ఎక్స్‌రే మామూలుగా ఉందని ధైర్యపడలేం, మొదటి పది, పద్నాలుగు రోజులు అందులో ఏమీ పట్టుబడదు.

పిల్లల డాక్టర్: నేను చెప్పబోయేదీ అదే, అందుకే అందరికీ ఆరు వారాలు రాసేయడం కంటే సీఆర్పీ ఎలా దిగుతుందో చూద్దాం. ఆపరేషన్ మర్నాడు పెరిగినా కంగారు పడకండి, నాలుగో రోజుకి సగానికి రాకపోతే మాత్రం ఎంఆర్ఐ.

(నాలుగో రోజు. కడిగిన మర్నాడు సీఆర్పీ 132, ఇవాళ 98. రాత్రి మళ్లీ జ్వరం. ఎంఆర్ఐలో తొడ ఎముక మెడలో చిన్న చీము గూడు. బ్లడ్ కల్చర్ సీసాలో మామూలు స్టాఫ్ పెరిగింది, సెఫజోలిన్‌కి లొంగేదే.)

ఆర్థో సార్: ఇప్పుడేమంటారు? ఎముకలోకి డ్రిల్ వేసి ఆ గూడు ఖాళీ చేస్తాను. ఆరు వారాలు ఖాయం.

పిల్లల డాక్టర్: డ్రిల్ వేయండి సార్, పది రోజుల మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఎముకకి కూడా అదే బృందం 20 రోజులు, 30 రోజులు పోల్చి చూసింది, తేడా రాలేదు. గూడు ఖాళీ అయ్యి సీఆర్పీ దిగితే నోటి మందుకి మార్చి నాలుగు వారాలకి ఆపుతాను.

ఆర్థో సార్: ఇంటికెళ్లాక సెఫలెక్సిన్ రోజుకి నాలుగు పూటలు తాగిస్తారా? మూడో వారానికి పిల్లాడు గెంతుతుంటే తల్లి సీసా పక్కన పెట్టేస్తుంది. ఆరు వారాలు రాస్తే కనీసం నాలుగైనా వాడతారు.

పిల్లల డాక్టర్: దానికి మందు ఎక్కువ రాయడం కాదు సార్, వారం వారం పిలిపించి కాలు తిప్పి చూడాలి, సీఆర్పీ చేయించాలి. ఈఎస్సార్ అనే రక్తపరీక్ష నెమ్మదిగా దిగుతుంది, దాన్ని చూసి పొడిగించకండి.

ఆర్థో సార్: ఇరవై ఎనిమిదో రోజున ఎక్స్‌రే నాకు చూపించాకే ఆపండి. అందులో ఎముక తిన్నట్టు కనిపిస్తే నా ఆరు వారాలే.

పిల్లల డాక్టర్: ఎక్స్‌రే వెనకబడి కదా మారుతుంది, బాబు బాగున్నా అది చెడ్డగానే కనిపించొచ్చు. సరే, ఆ రోజు బాబునీ ఫిల్మునీ ఇద్దరం కలిసి చూద్దాం.