సమస్య అని రాసిన చోట పరిష్కారం కూర్చుంటే ప్రపోజల్ అక్కడే పోయినట్టు

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు కోసం స్వచ్ఛంద సంస్థలు పంపే ప్రపోజల్స్ చదివి, ఏది పైకి పంపాలో చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. చదివీ చదివీ నాకొక చిరాకు పట్టుకుంది. ఇవాళ అది కక్కేస్తాను, కాస్త ఓపిక పట్టండి.

సమస్య, లక్ష్యాలు, పరిధి, కాలపట్టిక, బడ్జెట్, రిస్కులు. ఈ ఆరు శీర్షికలూ అందరి ప్రపోజల్స్‌లోనూ ఉంటాయి. ఎక్కడో దొరికిన ఫార్మాట్‌లో ఖాళీలు నింపి పంపేస్తారు. కానీ ఒక ఖాళీకి ఇంకో ఖాళీతో చుట్టరికం ఉండదు. లక్ష్యాల్లో ఉన్నదానికి బడ్జెట్‌లో పైసా కనపడదు. రిస్కుల్లో రాసినదానికి కాలపట్టికలో ఒక్క వారం కూడా ఉండదు. ఇదంతా మొదలయ్యేది మాత్రం మొదటి పేరాలోనే.

నేను చూసిన నాలుగైదు ప్రపోజల్స్‌ని కలిపి ఒకే బడిగా చెబుతాను. జిల్లా పరిషత్ హైస్కూల్, 240 మంది పిల్లలు, అందులో 126 మంది ఆడపిల్లలు. సమస్య అన్న శీర్షిక కింద దేశంలో పారిశుద్ధ్య పరిస్థితి మీద ఒక పేజీ, బాలికల చదువు మీద అర పేజీ, చివర్లో ఒక్క వాక్యం: "ఈ పాఠశాలలో బాలికలకు సరిపడా మరుగుదొడ్లు లేవు." కాబట్టి ఆరు కొత్త మరుగుదొడ్లు, ఒక్కోటి లక్షన్నర, మొత్తం తొమ్మిది లక్షలు.

ఆ చివరి వాక్యం సమస్యను చెప్పడం లేదు. అడగబోయే వస్తువుకే ముందు "లేదు" తగిలించింది, అంతే. అలా రాశాక ఇంకో దారి వెతకడానికి చోటే ఉండదు. ఏం లేదన్నామో అది కట్టడమే మిగులుతుంది.

బడికి వెళ్లి చూస్తే ఆడపిల్లలకు నాలుగు మరుగుదొడ్లు ఉన్నాయి. స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాల ప్రకారం దాదాపు 40 మందికి ఒకటి ఉండాలి. 126 మందికి నాలుగంటే లెక్క సరిపోయింది. మరి? నాలుగింట్లో మూడింటికి తాళం. తాళం ఎందుకంటే నీళ్లుండవు. నీళ్లెందుకు ఉండవంటే, ఉన్నది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటే, మధ్యాహ్న భోజనం వంటకీ, గిన్నెలకీ, పిల్లల కంచాలకీ అదే. పన్నెండున్నరకి ఖాళీ.

ఇక్కడితో ఆగితే "బోరు వేయించండి" అనే ప్రపోజల్ తయారవుతుంది. అదీ తొందరపాటే. ఇంకో మెట్టు దిగాలి. పొద్దున్నే పంచాయతీ కుళాయి గంటసేపు వస్తుంది. పదిహేను లీటర్ల బకెట్ పెట్టి ఫోన్లో టైమ్ చూస్తే పదిహేను సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 60 లీటర్లు, గంటకి 3,600. వెయ్యి లీటర్ల ట్యాంకు పదిహేడు నిమిషాల్లో నిండిపోతే వాచ్‌మన్ వాల్వు కట్టేస్తాడు. మిగతా నలభై మూడు నిమిషాల నీళ్లు బడికి అందడమే లేదు.

ఇప్పుడు సమస్యను ఇలా రాయొచ్చు: "బడికి రోజూ సుమారు 3,600 లీటర్ల నీళ్లు అందే వీలుంది. నిల్వ చేసే చోటు వెయ్యి లీటర్లకే ఉంది. అది వంటకే అయిపోవడంతో మధ్యాహ్నం నుంచి నాలుగు మరుగుదొడ్లలో మూడింటికి తాళం పడుతోంది." మూడు వాక్యాలు. దేశం గణాంకాలు ఒక్కటీ లేవు. కానీ చదివేవాడికి ఎవరు వెళ్లి చూశారో, ఎవరు గూగుల్ చూసి రాశారో ఇట్టే తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే ఆ బకెట్ లెక్క ఉన్న ప్రపోజల్ కనపడితే మిగతా పేజీలు నేను గౌరవంగా చదువుతాను.

లక్ష్యాల దగ్గరికొద్దాం. "బాలికల హాజరు పెంచడం, డ్రాపౌట్లు తగ్గించడం" అని రాయని వాళ్లు నాకింకా తగల్లేదు. అయ్యా, పత్తి తీసే కాలంలో ఆడపిల్లలు చేలకు పోతారు. అక్టోబరు, నవంబరుల్లో హాజరు పడిపోతుంది. మీ కుళాయికీ దానికీ సంబంధం లేదు. రేపు హాజరు పెరిగినా అది మీ వల్లేనని చూపించలేరు, తగ్గితే మాత్రం మీ ప్రాజెక్టు ఓడిపోయినట్టు మీరే రాసిచ్చినట్టవుతుంది. మీ చేతిలో ఉన్నదే మాటివ్వండి. బడి జరిగే ప్రతిరోజూ చివరి పీరియడ్ మొదలయ్యేసరికి నాలుగు మరుగుదొడ్లూ తెరిచి ఉండాలి, నాలుగింట్లోనూ కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. గోడకి ఒక చార్టు, రోజూ ఆ సమయంలో ఒక టిక్కు. డబ్బు అడగకముందే రెండు వారాలు ఆ టిక్కులు పెట్టించండి. పన్నెండు రోజుల్లో పది రోజులు టిక్కు పడలేదని తేలితే, తర్వాత దేనితో పోల్చాలో చేతిలో ఉంటుంది. ఆ రెండు వారాలు ఆగడానికే మనవాళ్లకి ప్రాణం మీదికొస్తుంది.

బడ్జెట్‌నీ రిస్కులనీ కలిపే మాట్లాడతాను, వేర్వేరుగా రాయడం వల్లే సగం తప్పులు కాబట్టి.

ముందు ఎంత నీరు కావాలో చూద్దాం. ఒక్కో పిల్లకి, పిల్లాడికి రోజుకి పది లీటర్లు మరుగుదొడ్డికీ చేతులు కడగడానికీ అనుకుంటే 2,400 లీటర్లు. వంటకి ఇప్పటి వెయ్యి అలాగే వదిలేద్దాం. మొత్తం 3,400. కుళాయి ఇచ్చేది 3,600. బొటాబొటిగా సరిపోతుంది. ఆదివారం నీళ్లు కూడా పట్టుకునేలా నిల్వ ఉండాలి. అందుకని నేలలో 5,000 లీటర్ల సంపు, 85,000. మోటారు, స్టార్టర్, ఫ్లోట్ స్విచ్ కలిపి 20,000. పైన వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు, 18,000. వీటి లైను వంటగదికి కలవకూడదు, కలిస్తే నెలలో మళ్లీ మొదటికే వస్తాం. పైపులు, కుళాయిలు, కూలీ 42,000. తలుపులు, గడియలు, మరమ్మతులు 55,000. అన్నీ జీఎస్టీ కలిపిన కొటేషన్లు. ఇదంతా 2,20,000.

చాలామంది ఇక్కడ గీత గీసేస్తారు. శుభ్రం చేసేదెవరు? నెలకి ఐదు వేలకి ఒక ఆయా, బడి నడిచే నెలలు ఏడాదికి పది, రెండేళ్లకి లక్ష. ఫినాయిలు, బ్లీచింగ్, చీపుర్లకి నెలకి 1,500 చొప్పున 30,000. అప్పటికి మూడున్నర లక్షలు. నిర్మాణం మీద అయిదు శాతం ఊహించని ఖర్చులకి, 11,000.

ఇప్పుడు రిస్కులు. "అకాల వర్షాలు, ధరల పెరుగుదల, సహకార లోపం" అని రాసే వాళ్లందరికీ ఓ దండం. పై లెక్క రాసినవాడికి భయం ఎక్కడుండాలో తెలిసిపోతుంది. నీళ్లు బొటాబొటి కదా, మార్చి నెలాఖరుకి కుళాయి ధార సన్నబడితే? దాన్ని ముందే పసిగట్టే దారి మళ్లీ అదే బకెట్టు. వారానికోసారి టైమ్ చూడాలి, పదిహేను సెకన్లు ఇరవై దాటితే గంటకి 2,700 లీటర్లకి పడిపోయినట్టు. అప్పుడు ట్యాంకర్. ఎనిమిది వందల చొప్పున పది ట్యాంకర్లు, 8,000. ఆ వరస బడ్జెట్‌లో ఉండాలి. రిస్కు రాసి, దానికి డబ్బో రోజులో మనిషో కేటాయించకపోతే ఆ పేజీ చింపేసినా నష్టం లేదు. మొత్తం 3,69,000 అయింది. తొమ్మిది లక్షల ప్రపోజల్‌లో సగం కూడా కాదు.

ఇంకో రిస్కు మనుషులది. హెడ్‌మాస్టరు "నేను చూసుకుంటా సార్" అంటారు, మంచివారే. వేసవిలో బదిలీ అయిపోతారు. అందుకని మాట వద్దు, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం కావాలి. కరెంటు బిల్లు ఎవరు కడతారు, రెండేళ్లయ్యాక ఆయాకి ఎవరిస్తారు అన్నదానికి పంచాయతీ తీర్మానం కావాలి. ఆ రెండు కాగితాల నకళ్లు ప్రపోజల్ వెనక జతచేయండి. అవి లేకుండా "సుస్థిరత" అని ఎన్ని పేరాలు రాసినా నేను నమ్మను.

పరిధి గురించి ఎక్కువ చెప్పను. ఏం చేయమో రాయండి, చాలు. కొత్త మరుగుదొడ్లు కట్టం, బోరు వేయం, ప్రహరీ కట్టం. ఇది రాయకపోతే పని మొదలైన నెలకి ప్రహరీ అడుగుతారు, ఆ పై నెలకి గేటు మీద పేర్లతో ఆర్చి అడుగుతారు. ఆర్చి అడగని ఊరు ఉందంటే నాకు చూపించండి. సెప్టిక్ ట్యాంకు మాత్రం మర్చిపోవద్దు. నీళ్లు పెరిగితే అది త్వరగా నిండుతుంది. చూసి బాగుంటే "పరిధిలో లేదు, పరిశీలించాం" అని రాయండి. బాగోకపోతే బడ్జెట్ మార్చక తప్పదు.

కాలపట్టికలో "మొదటి నెల, రెండో నెల" అని రాసేవాళ్లు బడి క్యాలెండర్ తీసి ముందు పెట్టుకోవాలి. సంపు తవ్వకం తరగతులు జరుగుతుండగా కుదరదు. ఆవరణలో గొయ్యి ఉంటే పిల్లలకి ప్రమాదం. దసరా సెలవుల్లో తవ్వి, గోడలు పోసి, పైన మూత వేసేయాలి. అది తప్పితే సంక్రాంతి, అదీ తప్పితే వేసవే. మార్చిలో పదో తరగతి పరీక్షలు. దసరాకి తవ్వాలంటే జిల్లా విద్యాశాఖ అనుమతి, కొటేషన్లు సెప్టెంబరులోపు చేతిలో ఉండాలి. అంటే ప్రపోజల్ జులైకల్లా నా బల్ల మీద ఉండాలి. డిసెంబరులో తెచ్చి "సార్, మార్చిలోపు ఖర్చు పెట్టేస్తాం" అంటే ఎలా?

మార్చి సంగతి వచ్చింది కాబట్టి, ఇది చాలామందికి తెలియని మెలిక. ఆయా జీతం రెండేళ్లు అడుగుతున్నారు. కంపెనీకి మాత్రం సీఎస్‌ఆర్ లెక్క మార్చి 31కి ముగుస్తుంది. మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా సాగే పనిని "కొనసాగుతున్న ప్రాజెక్టు"గా చూపించే వీలు నిబంధనల్లో ఉంది. అప్పుడు మిగిలిన డబ్బు కంపెనీ విడిగా ఒక ఖాతాలో వేసి, తర్వాతి ఏళ్లలో ఇవ్వొచ్చు. కంపెనీ బోర్డు ఆ పనిని ముందే అలా ఆమోదించాలంటే మీ కాలపట్టికలో ఏ ఏడాది ఎంత కావాలో ఉండాలి. నిర్మాణం, మొదటి ఏడాది మిగిలిన నెలల జీతం ఇంత, పై ఏడాది ఇంత అని విడగొట్టండి. ఒకే మొత్తంగా రాస్తే మేం కూడా ఒక్క ఏడాదికే చూసి, జీతం వరస కొట్టేస్తాం. ఆయా పోతే మళ్లీ తాళాలు.

ఇక మొదటి పేజీలో వేసే సారాంశం అన్నిటికన్నా చివర రాయండి. ట్యాంకర్ డబ్బు కలపకముందు రాసుకున్న 3,61,000 అక్కడే ఉండిపోయి, లోపల పట్టికలో 3,69,000 కనపడితే మా ఫైనాన్స్ వాళ్లు తిప్పి పంపేస్తారు. ఆ ఎనిమిది వేల తేడాకి దసరా దాటిపోతుంది.