బూట్లు నడిపిన కారు

మా ఇంట్లో అటక మీద రెండేళ్లుగా ఒక జత బూట్లున్నాయి. అప్పట్లో మా ఆఫీసు మిత్రబృందం హిమాలయాలు ఎక్కుదామని తీర్మానించింది. అందరికంటే ముందు ఉత్సాహపడి బూట్లు కొన్నది నేను. తర్వాత ఒకరికి మోకాలి నొప్పి, ఇంకొకరికి లీవు నొప్పి వచ్చి ప్రయాణం ఆగిపోయింది. బూట్లు మాత్రం అటకెక్కాయి. ఆ మాత్రం ఎత్తయినా ఎక్కాయని సరిపెట్టుకున్నాను.

ఈ మాఘమాసంలో మా బావమరిది గృహప్రవేశం. హైదరాబాద్ నుంచి కడియం దాకా నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. బయల్దేరే ముందురోజు మా ఆవిడ అటక దులిపింది. "ఆరు వేలు పోసి కొన్నారు. ఒక్కసారైనా తొడిగారా? ఇందులో బల్లి గుడ్లు పెట్టుకుంది" అంది. ఆ మాటకు పౌరుషం వచ్చింది. పొద్దున్నే బూట్లు తొడిగి, లేసులు చీలమండ దాకా బిగించి, స్టీరింగు ముందు కూర్చున్నాను. అద్దంలో చూసుకుంటే హిమాలయాలకి బయల్దేరినవాడిలాగే ఉన్నాను. ఎటొచ్చీ వెనక సీట్లో పులిహోర డబ్బా, పసుపు కుంకుమల పళ్లెం, మా అమ్మాయి, మా మామగారు ఉన్నారు.

మామగారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీలో బస్సు తోలి రిటైరయ్యారు. అల్లుడి డ్రైవింగును ఒక్క మాట అనరు. వెనక కూర్చుని గట్టిగా ఊపిరి మాత్రం పీలుస్తారు. ఎల్బీనగర్ దాటేలోపు ఆరుసార్లు పీల్చారు.

పంతంగి టోల్‌గేటు దగ్గర అసలు కథ మొదలైంది. పెళ్లిళ్ల సీజను, పైగా శనివారం. బారులు తీరిన కార్లు. ఫాస్టాగ్ ఉన్నా ముందున్నవాడు కదలాలి కదా. ఒక కారు పొడవు కదలడం, ఆగడం. మాది గేర్లు మార్చుకునే కారు. క్లచ్ నెమ్మదిగా వదులుతుంటే ఒక చోట ఇంజను కారును పట్టుకుంటుంది. అప్పుడు పెడల్లో చిన్న వణుకు వస్తుంది, శబ్దం కాస్త బరువెక్కుతుంది. రోజూ మామూలు బూట్లలో ఆ వణుకు అరికాలికి తెలిసేది. అక్కడ కాలు ఒక్క క్షణం ఆపి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే కారు పాకేది. ఇప్పుడు నా అరికాలికీ పెడల్‌కీ మధ్య రెండు వేళ్ల మందం రబ్బరుంది. వణుకు అక్కడే ఆగిపోతోంది. నేనేమో ఇంకా రాలేదనుకుని వదులుతూనే ఉన్నాను. కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"ఒకటి" అంది వెనక నుంచి మా అమ్మాయి.

వెనకవాళ్లు హారన్లు మోగించారు. మళ్లీ స్టార్ట్ చేశాను. ఈసారి భయంతో యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కాను. ఇంజను అరిచింది, కారు కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా కదిలింది. టోల్‌గేటు దాటేసరికి అమ్మాయి లెక్క పద్నాలుగుకు చేరింది. మామగారి ఊపిరి లెక్క ఎవరూ వేయలేదు.

హైవే ఎక్కాక ఇక ఫరవాలేదనుకున్నాను. చిట్యాల దాటాక ముందు ఒక ట్రాక్టరు కనిపించింది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బ్రేకు మీదికి జరపాలి. మామూలుగా మడమ నేల మీదే ఉంచి, పాదం మాత్రం కొద్దిగా పైకెత్తి పక్కకు తిప్పుతాం. ఇది ఆలోచించి చేసే పని కూడా కాదు. కానీ ఆ బూటు అడుగుభాగం నా పాదం కంటే చుట్టూ అర అంగుళం వెడల్పు. ఆ అంచు వెళ్లి బ్రేకు పెడల్ పక్కన తగులుకుంది. కాలు లాగి, ఎత్తి, మళ్లీ పెట్టేలోపు ట్రాక్టరు చాలా దగ్గరికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే వెనక సీట్లో మామగారి కాలు కూడా బ్రేకు మీద పడింది. అక్కడ బ్రేకు లేదు. పులిహోర డబ్బా ఉంది.

ట్రాక్టరుకు ఏమీ కాలేదు. పులిహోరకే అయింది.

సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగాం. కారు దిగి రెండడుగులు వేసేసరికి కుడికాలు నా మాట వినడం మానేసింది. పిక్క కాదు, ముందు వైపు, మోకాలి కింద ఎముక పక్కన ఉన్న కండ మంటెత్తిపోతోంది. చీలమండ చుట్టూ ఎవరో పిండినట్టుంది. కుంటుతూ వెళ్లి కూర్చున్నాను. మామగారు దోసె తినడం ఆపి, బల్ల కిందికి వంగి చూశారు.

"అల్లుడు గారూ, ఏమనుకోకండి. అవి ఏం బూట్లు?"

"హిమాలయాలవి, మామయ్యగారూ."

"అవును. ఇది సూర్యాపేట కదా."

ఆ తర్వాత ఆయన అర లీటరు నీళ్ల సీసా నా చేతికిచ్చారు. చెయ్యి ముందుకు చాపి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను, సీసా తేలిగ్గానే ఉంది. "అలాగే ఉంచండి" అని ఆయన దోసె పని చూసుకున్నారు. దోసె సగమయ్యేసరికి నా భుజం వణకడం మొదలైంది. "దింపేయండి" అన్నారు. "బరువు అరకేజీయే. కానీ చివర్న వేలాడుతోంది. మీ కాలిదీ ఇదే సంగతి. మడమ నేల మీదుంటే పాదమంతా ముందుకు చాచిన చెయ్యి లాంటిది. యాక్సిలరేటర్ పెడల్‌కున్న స్ప్రింగు మామూలు పాదాన్నయితే కాస్త మోస్తుంది. ఇంత బరువు పెడితే పెడల్ తనంతట తానే దిగిపోతుంది. దిగకుండా మీరు ముని వేళ్లని పైకి లాగి పట్టుకోవాలి. ఆ లాగే కండే ఇప్పుడు మండుతున్నది. రెండున్నర గంటల నుంచి అది సీసా మోస్తోంది పాపం."

ఇంత శాస్త్రం మా మామగారి దగ్గరుందని పన్నెండేళ్ల అల్లుడికంలో నాకు తెలియదు. (తర్వాత ఇంటికొచ్చాక మా ఆవిడ వంటింటి త్రాసులో తూచింది. ఒక్కో బూటు 780 గ్రాములు.)

ఇంకా అయిపోలేదు. ఆయన వంగి బూటు పై అంచును వేలితో నొక్కి చూశారు. కొండ ఎక్కేటప్పుడు చీలమండ మెలిక పడకూడదని అక్కడ గట్టిగా కట్టిపడేస్తారు. కారు నడపాలంటేనేమో చీలమండ మడతబందులా ఆడాలి. నేను తొక్కిన ప్రతిసారీ ముందు ఆ తోలును వంచి, ఆ తర్వాత పెడల్‌ని నొక్కుతున్నానన్నమాట. చీలమండకు ఓపిక పోతే మోకాలు, తొడ ఎత్తి కాలంతా వేయడం మొదలవుతుంది. అప్పుడు కొద్దిగా నొక్కడమనేది ఉండదు. వేస్తే మొత్తం వేయడమే. మా కారు కప్పయింది అందుకే.

"మరి మీలా చెప్పులు వేసుకోనా?" అన్నాను కొంచెం ఉక్రోషంగా.

"నేను చెప్పులు వేసుకున్నది వెనక కూర్చోవడానికి. చెప్పు జారి బ్రేకు కింద ఇరుక్కుందంటే మీ హిమాలయాలే నయం" అన్నారు. కొత్తలో ఒకసారి ఆయనకే అలా జరిగిందట. మిగతా కథ చెప్పలేదు. కాఫీ తాగేశారు.

బజారులో ఒక చెప్పుల షాపు తెరిచి ఉంది. మామగారు నాకు బదులు బేరమాడారు. షాపువాడు మెత్తటి మందపాటి సోలున్న బూట్లు చూపించి "మేఘాల మీద నడిచినట్టుంటుంది సార్" అన్నాడు. "మేఘాల మీద నడిస్తే క్లచ్ ఎక్కడుందో ఏం తెలుస్తుంది?" అని ఆయన పక్కన పెట్టేశారు. చివరికి ఒక కాన్వాస్ జత తీసి, రెండు చేతులతో ముందు భాగం మడిచారు. వేళ్ల దగ్గర తేలిగ్గా వంగింది. మధ్యలో మాత్రం గుడ్డపేలికలా ముడుచుకుపోలేదు. అలా ముడుచుకుపోతే క్లచ్ తొక్కినప్పుడల్లా పెడల్ అరికాల్లో గుచ్చుకుంటుందట. సోలు మందం నా చిటికెన వేలంత కూడా లేదు, అంటే ఒక సెంటీమీటరు లోపే. అంచులు పాదం దాటి బయటికి రాలేదు. మడమ దగ్గర ఎత్తు లేదు. తర్వాత జేబులోంచి రూపాయి బిళ్ల తీసి నేల మీద వేసి "తొడుక్కుని దాని మీద నిలబడండి" అన్నారు.

నిలబడ్డాను. బిళ్ల ఎక్కడుందో బొటనవేలి కింద తెలుస్తోంది, కానీ నొప్పి లేదు.

"ఇది చాలు" అన్నారు. 450 రూపాయలు చెప్పిన జత 380కి వచ్చింది. నిలబడ్డ బిళ్ల కూడా ఆయన మర్చిపోకుండా తీసుకున్నారు.

విప్పిన బూట్లను మా ఆవిడ నా సీటు కిందికి తోయబోయింది. అక్కణ్ణుంచి ఒకటి దొర్లి పెడల్ కిందికి వస్తే ఇంక తొక్కడానికేమీ ఉండదని మామగారు వాటిని స్వయంగా డిక్కీలో పెట్టారు. తర్వాత నా కొత్త బూట్ల అడుగు గుడ్డతో తుడిచారు. హోటలు ముందు నీళ్లు చల్లి ఉన్నాయి. సోలు ఎంత పల్చగా ఉన్నా తడిస్తే పెడల్ మీద జారుతుంది.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర మళ్లీ బారు. అమ్మాయి లెక్కపెట్టడానికి సిద్ధంగా కూర్చుంది. క్లచ్ వదులుతున్నాను. పెడల్ పైకొస్తూ, ఒక చోట సన్నగా గరగరలాడింది. పొద్దున్నుంచి కలవని పాత స్నేహితుడు కనబడినట్టయింది. కారు పాకింది. బ్రేకుకు మొదట కొంచెం ఖాళీ, తర్వాత పట్టు, ఈ రెండూ విడివిడిగా తెలుస్తున్నాయి. అమ్మాయి విసుగొచ్చి నిద్రపోయింది. ఏలూరు దాటాక మామగారు కూడా నిద్రపోయారు. ఆర్టీసీ డ్రైవరు ఇంకొకడు నడుపుతుండగా నిద్రపోవడమంటే మాటలా! నేను మాత్రం మెడ నిటారుగా పెట్టుకుని నడిపాను. ముంగాలి కండ కోపం పూర్తిగా తగ్గలేదు కానీ కొత్తగా మంట పెరగలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది ఈ కథంతా విని, "బావా, దీనికోసం ప్రత్యేకంగా డ్రైవింగ్ షూస్ ఉంటాయి తెలుసా?" అన్నాడు. ఇటలీలో జానీ మోస్తిలే అనే ఆయన 1963లో చేశాడట. మెత్తటి తోలు, అడుగున చిల్లుల్లోంచి బయటికొచ్చిన చిన్న చిన్న రబ్బరు బొడిపెలు, పెడల్‌ని పట్టుకోవడానికి. అలాంటి బూట్లలో కొన్నిటికి ఆ రబ్బరు మడమ వెనక కూడా పైదాకా ఎక్కి ఉంటుంది. కాలు అక్కడే ఆని ఊగుతుంది కదా, మామూలు బూట్లకు సరిగ్గా అక్కడే తోలు అరిగిపోతుంది. నా ఆఫీసు బూట్లలో కుడిదాని వెనక ఎందుకు పోతోందో, ఎడమది ఎందుకు బాగుంటోందో అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ నేను వంకరగా నడుస్తాననుకున్నాను. ఫోన్‌లో ధర చూపించాడు. ఆ డబ్బుతో నా కాన్వాస్ జతలు ఎన్నొస్తాయో మామగారు నోటితోనే లెక్క వేయడం మొదలుపెట్టారు. నేను ఫోన్ బోర్లా పెట్టాను.

తెల్లవారుజామున ముహూర్తం. కొత్త ఇంటి ముందు ఇంకా సిమెంటు వేయలేదు. వీధి నుంచి గుమ్మం దాకా కంకర. ఎవరికి వాళ్లు చెప్పులు వదిలేది గుమ్మం దగ్గర. నేను కాన్వాస్ జతతో అడుగుపెట్టాను. రూపాయి బిళ్లను పట్టిచ్చిన సోలు ఇప్పుడు ఒక్కో రాయినీ పేరుపేరునా పరిచయం చేసింది. కొబ్బరికాయల సంచీ పట్టుకుని "అమ్మా, అబ్బా" అంటూ సగం దూరం వెళ్లేసరికి, వెనక నుంచి ఎవరో కరకరలాడించుకుంటూ నన్ను దాటిపోయారు. పట్టుపంచె, కండువా, కింద నా హిమాలయం బూట్లు.

"నడవడానికి భలే ఉన్నాయి అల్లుడు గారూ. ఉంచేసుకోనా?" అన్నారు మామగారు.