‘ఉన్నట్టుండి విరిగిపడింది’ అనే ముందు టేపు పెట్టి కొలవండి

పైప్‌లైన్ ట్రెంచ్‌లో జాయింట్ బిగిస్తున్న కార్మికుడి మీద పక్కగోడ కూలింది. నడుము దాకా కూరుకుపోయిన అతన్ని తోటివాళ్లు అరగంటలో బయటికి తీశారు. ఇలాంటి ఘటన మీద సాయంత్రానికి వచ్చే రిపోర్టు సాధారణంగా ఒక్క వాక్యమే: ‘మట్టి ఉన్నట్టుండి విరిగిపడి కార్మికుడికి స్వల్ప గాయాలయ్యాయి.’ నాకు ఇందులో రెండు మాటల మీద అనుమానం.

మొదటిది ‘ఉన్నట్టుండి’. ట్రెంచ్ లోతు 2.4 మీటర్లు, గోడలు నిట్టనిలువుగా ఉన్నాయనుకుందాం. తవ్విన మట్టిని అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలోనే కుప్ప పోశారు. రాత్రి వాన పడింది. పొద్దున అంచు పొడవునా సన్నటి పగులు కనిపించింది, అయినా ఎవరూ మళ్లీ తనిఖీ చేయలేదు. ఆ పగులు కనిపించిందంటే లోపల మట్టి అప్పటికే జారడం మొదలుపెట్టినట్టే. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల ప్రకారం 1.5 మీటర్లు, అంతకు మించిన లోతుంటే గోడలను వాలుగా తవ్వాలి, లేదా షోరింగ్, ట్రెంచ్ బాక్స్ లాంటి ఆసరా పెట్టాలి. పూర్తిగా గట్టి రాయి అయితేనే మినహాయింపు. మట్టికుప్ప అంచుకు కనీసం 60 సెంటీమీటర్ల అవతల ఉండాలి, వాన పడితే మళ్లీ తనిఖీ చేయాలి. మన ఉదాహరణలో ఈ మూడూ తప్పాయి. ఒక్కటీ రాయకుండా తప్పు మట్టి మీదికి నెట్టేశారు.

రెండోది ‘స్వల్ప’. 2 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల మందం ఉన్న మట్టిపెళ్ల బరువు రెండు టన్నులు దాటుతుంది. అదే ఛాతీ దాకా వస్తే, ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుసుకుంటుంది, మళ్లీ పీల్చడానికి చోటుండదు. కాళ్లు ఎక్కువసేపు నలిగితే ప్రమాదం బయటికి తీశాక మొదలవుతుంది. దెబ్బతిన్న కండరాల్లోని పొటాషియం ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె లయ తప్పొచ్చు, ఆ తర్వాత కిడ్నీలు దెబ్బతినొచ్చు. లేచి నడిచాడు కదా అని అతన్ని ఇంటికి పంపేయకూడదు.

ఇంకో చిక్కుంది. గాయాల వల్ల ఆస్పత్రిలో చేర్చుకుంటే 24 గంటల్లోపు ఓషాకు తెలపాలి. కేవలం అబ్జర్వేషన్ కోసం ఉంచితే ఆ లెక్కలోకి రాదు. అంటే మనిషి నడుము దాకా కూరుకుపోయినా, ఎముక విరగలేదన్న అదృష్టం కొద్దీ ఘటన బయటికి రాకపోవచ్చు. గాయాన్ని బట్టి కాకుండా, మీద పడిన మట్టిని బట్టి రిపోర్టు చేయాలన్నది నా వాదన.

ఆధారాలు కూడా ఎక్కువసేపు నిలవవు. మనిషిని తీసే తవ్వకంలోనే గోడ రూపం మారిపోతుంది, మర్నాటికి ట్రెంచ్ పూడ్చేస్తారు. అందుకే రక్షణ పని అయ్యాక ఎవరినీ లోపలికి దింపకుండా, అంచుకు దూరంగా నిలబడి ఫొటోలు తీయాలి. కూలని భాగంలో లోతు, కుప్ప దూరం కొలవాలి. ఆ రోజు తనిఖీ ఎవరు, ఎన్ని గంటలకు చేశారో పేరుతో రాయాలి. ట్రెంచ్ బాక్స్ సైట్‌లో ఉందా, ఉంటే ఎందుకు దించలేదు అన్నది కూడా అడగాలి. ‘చిన్న పనే కదా, పది నిమిషాల్లో అయిపోతుందని’ అన్న జవాబు వస్తే, దాన్ని దిద్దకుండా అలాగే రిపోర్టులోకి ఎక్కించాలి.