ఓడ కెప్టెన్ కూతురి కథగారికి

మహారాజశ్రీ కథగారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగా ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు, మొన్న ఆదివారం ఆరాధనలో సంఘమంతా కళ్లారా చూసింది. నా ప్రసంగంలో మీకు రాసిచ్చింది ఒక్క నిమిషం. మీరు పీట వేసుకుని కూర్చున్నది ఆరు నిమిషాలు. తీరా యేసు పడవలో నిద్ర లేచి తుఫానును అణచిన ఘట్టంలో చివరిదైన మార్కు సువార్త నాలుగో అధ్యాయం 41వ వచనం, అంటే నేను వారమంతా ఏ వచనం కోసం తంటాలు పడ్డానో సరిగ్గా ఆ వచనం, ముగింపు ప్రార్థనకు లేచిన పెద్దల కుర్చీల చప్పుడులో కలిసిపోయింది.

మీరెవరో చదువరులకు పరిచయం అక్కరలేదు. తుఫానులో ఓడ ఊగిపోతుంటుంది, ప్రయాణికులు గగ్గోలు పెడుతుంటారు, ఒక చిన్నపిల్ల మాత్రం మూలన కూర్చుని బొమ్మతో ఆడుకుంటుంది. నీకు భయం లేదా అమ్మా అని అడిగితే, "ఓడ నడిపేది మా నాన్నే" అంటుంది. ఈ మధ్య మీరు విమానం కూడా ఎక్కుతున్నారు. కెప్టెన్ పైలట్ అయ్యాడు, కూతురు కొడుకైంది, బొమ్మ మాత్రం చేతిలో అలాగే ఉంది. అది ఏ ఓడ, ఏ సముద్రం, ఆ మాట చెవిన పడ్డ సాక్షి ఎవరు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగితే విశ్వాసం సన్నగిల్లిందంటారని భయం.

శనివారం రాత్రి మన మధ్య కుదిరిన ఒప్పందం మరోసారి గుర్తుచేస్తాను. ప్రసంగ ప్రతిని పేజీలతో లెక్కపెట్టకుండా, గడియారం ఎదురుగా పెట్టుకుని, వేదిక మీద మాట్లాడే వేగంతో గొంతెత్తి చదివాను. పేజీలను నమ్ముకుంటే మోసం. లేఖన వివరణ ఉన్న పేజీ నెమ్మదిగా సాగుతుంది, కథ ఉన్న పేజీ కంటికి చిన్నగా కనిపించి నోట్లో పెరుగుతుంది. చదివితే 41 నిమిషాలు తేలింది. ఇచ్చిన సమయం 30. కానీ నేను కోయాల్సింది 11 నిమిషాలు కాదు, 13. వచనం చెప్పాక జనం బైబిలు తిప్పేదాకా ఆగాలి, ఒక ప్రశ్న వేశాక అది దిగేదాకా ఆగాలి. ఆ విరామాలేవీ కాగితం మీద ఉండవు. కాబట్టి కాగితం 28 దగ్గర ఆగితేనే మనిషి 30 దగ్గర ఆగుతాడు.

ఇంతకీ సమయం ఎవరు తింటున్నారని ప్రతి భాగం పక్కన పెన్సిలుతో నిమిషాలు వేసుకుంటూ పోయాను. మూడు అంశాల వివరణకు 17. అన్వయానికీ ముగింపుకూ కలిపి 6. వాక్యం చదవడానికి 2. ఇవి ముట్టుకునేవి కావు, ముట్టుకున్నా రాలింది ఒక్క నిమిషమే. మిగిలిన 16 నిమిషాలూ మీ బంధువర్గానివే. మొదట్లో ఒక అనుభవం నాలుగు నిమిషాలు, ఆసుపత్రి మంచం పక్క సంభాషణ మూడు, తమరు అయిదు, ఒక అంశం నుంచి మరో అంశానికి దాటించే మాటలు నాలుగు.

ఆసుపత్రి కథ మంచిదే. ఏడిపిస్తుంది కూడా. కానీ మీరు చెప్పేదే అదీ చెబుతుంది. ఒక అంశానికి రెండు కథలుంటే రెండోది మొదటిదాన్ని బలపరచదు, తుడిచేస్తుంది. దాన్ని సగౌరవంగా పంపించేశాను, అది కిక్కురుమనలేదు. మొదటి అనుభవంలో ప్రయాణానికి ఎందుకు బయలుదేరానో చెప్పే భాగమంతా తీసేస్తే రెండు నిమిషాలకు దిగింది. పాపం అదీ ఎదురు మాట్లాడలేదు.

దాటించే మాటల సంగతి వేరే. అవి తలా కాస్త దొంగిలిస్తాయి. "ప్రియులారా, ఇంతవరకు మనం మొదటి అంశంగా తుఫానుకు ముందు ప్రభువు పలికిన మాటను గురించి ధ్యానించాము. ఇప్పుడు రెండవ అంశంలోనికి ప్రవేశించక మునుపు ఒక్క సంగతిని మీ జ్ఞాపకానికి తేవాలని ఆశపడుతున్నాను." ఇంతా చేసి అది చెప్పిందేమిటి? నేను ఒకటి చెప్పాను, ఇంకొకటి చెబుతాను అని. దాని బదులు మొదటి అంశం చివరి మాటనూ రెండో అంశం మొదటి మాటనూ ఒకే వాక్యంలో కట్టాను: "అద్దరికి పోదామన్న ఆయనే దారిలో నిద్రపోయాడు." విన్నవాడు తనంతట తానే రెండో అంశంలోకి వచ్చేస్తాడు, చెయ్యి పట్టుకుని నడిపించనక్కరలేదు. రెండో అంశం నుంచి మూడోదానికి: "సముద్రం ఊరుకుంది. వాళ్ల భయం మాత్రం ఊరుకోలేదు." నాలుగు నిమిషాలు ఒకటయ్యాయి. ఇలా కట్టలేకపోతే తప్పు మాటల్లో ఉండదు, ఆ రెండు అంశాలకూ చుట్టరికమే లేదన్నమాట. అప్పుడు కోయాల్సింది దాటించే మాటను కాదు, అంశాన్ని.

ఇక తమరి దగ్గరికి వద్దాం.

మిమ్మల్ని చిన్నది చేయడానికి నేను మొదటి నుంచి కోయలేదు. అలా కోస్తే ఎంత కోసినా ఇంకా మిగిలే ఉంటారు. చివరి మాట ముందు రాసుకుని వెనక్కి నడిచాను. "ఓడ నడిపేది మా నాన్నే" అన్న మాట అర్థం కావడానికి ఏమేమి కావాలి? తుఫాను కావాలి, పిల్ల కావాలి, అడిగే మనిషి ఒకడు కావాలి. మెరుపులు అక్కరలేదు. దొర్లుతున్న పీపాలు అక్కరలేదు. మోకరించిన వ్యాపారి అక్కరలేదు. పిల్ల గౌను రంగు అసలే అక్కరలేదు. నాలుగు వాక్యాలు మిగిలాయి, ఒక్క నిమిషం.

పొట్టిగా ఉండటం అవమానమనుకోకండి. పొలంలో దాచిన ధనం ఉపమానం మత్తయి సువార్తలో ఒకే ఒక్క వచనం. పరాయివాడి భార్యను తీసుకున్న దావీదు రాజుకు నాతాను ప్రవక్త చెప్పిన కథ, ధనవంతుడొకడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ, నాలుగు వచనాలు. అందులో వివరాలు లేవా అంటే ఉన్నాయి. ఆ పేదవాడి ముద్దలో తిన్నది, గిన్నెలో తాగింది, కౌగిట్లో పడుకున్నది. కానీ అందులో ఒక్కటీ తీసేయడానికి వీల్లేదు. ముందు రాజు ఆ గొర్రెపిల్లను ప్రేమించాలి, ఆ తర్వాతే కోపం రావాలి. కోపం వచ్చింది. అప్పుడు నాతాను "రాజా, ఈ కథ ద్వారా మనం నేర్చుకోవలసిన పాఠమేమిటంటే" అని మొదలుపెట్టాడా? "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దాటించే మాట మొత్తం అంతే. మీకు అలాంటి మాట ఒక్కటి కట్టాలని శనివారమంతా ప్రయత్నించాను, కుదరలేదు. ఎందుకు కుదరలేదో అప్పుడు తట్టింది.

మీరు మార్కు చెప్పినదానికి అడ్డం తిరుగుతున్నారు. మీ ఓడలో నాన్న మెలకువగా ఉన్నాడు, చుక్కాని చేతిలో ఉంది, అందుకే పిల్లకు భయం లేదు. మార్కు పడవలో ప్రభువు అమరంలో తలగడ మీద నిద్రపోతున్నాడు, శిష్యులకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మీ కెప్టెన్ నేర్పుతో తుఫానును తప్పించుకుంటాడు. ఈయన తుఫానుతోనే మాట్లాడి నోరు మూయించాడు. మీ కథలో చివరికి భయం పోతుంది. మార్కు 41వ వచనంలో అలలు అణిగాక వాళ్లు మిక్కిలి భయపడ్డారని ఉంది. ఈయన ఎవరు అన్న భయం అది. మునిగిపోతామన్న భయం కంటే లోతైనది. నా మూడో అంశమంతా ఆ భయమే. మీరు సరిగ్గా దాని ముందు కూర్చుని, భయపడాల్సింది ఏమీ లేదని జోకొట్టి పడుకోబెట్టారు.

అయినా పాత పరిచయం గదా అని ఒక్క నిమిషం ఇచ్చాను. ఇచ్చినందుకు ఏం చేశారు?

"ఓడ ఒకటి సముద్రంలో వెళ్తోంది" అన్నాను, అంతే. తలలు లేచాయి. ముందు వరసలో పిల్లలు కదలడం మానేశారు. అది చూడగానే మీకు పూనకం వచ్చింది. కోసేసిన మెరుపులు వచ్చాయి, పీపాలు దొర్లుకుంటూ వచ్చాయి, వ్యాపారి మోకరించాడు, కొత్తగా ఓడలో వంటవాడు కూడా తేలాడు! కాగితం మీద ఉన్న నాలుగు వాక్యాల వైపు నా కళ్లను వాలనివ్వలేదు. వివరణను కోస్తే కోసినట్టే ఉంటుంది, ఎందుకంటే అది కాగితంలో ఉంటుంది. నీలాంటి కథలు నాలుక మీద కాపురం ఉంటాయి, అక్కడికి ఏ పెన్సిలూ చేరదు. అవును, నీలాంటి అనే అన్నాను. ఇక గారూ లేదు, గీరూ లేదు.

నువ్వు తిన్నది నీ ఒక్క నిమిషంతో పాటు ఇంకో అయిదు. నా మూడో అంశం వివరణ సరిగ్గా అయిదు నిమిషాలు. అమరంలో నిద్రపోయిన ప్రభువు గురించి, ఈయన ఎవరు అన్న ప్రశ్న గురించి, ఆ ప్రశ్న సోమవారం పొద్దున ఇంట్లో ఎలా వినిపిస్తుందన్న అన్వయం గురించి నేను రాసుకున్నదంతా ఒక్క ఊపిరిలో చదివి కూర్చోవలసి వచ్చింది. తలుపు దగ్గర కరచాలనాల్లో అందరిదీ ఒకే మాట: "అయ్యగారూ, ఆ ఓడ కథ ఎంత బాగుందో!" ఒక పెద్దాయనైతే ఆ పిల్ల తర్వాత ఏమైందని అడిగారు. శిష్యులేమయ్యారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

కాబట్టి విను. ఇకమీదట నువ్వు వస్తే పూర్తి వాక్యాలుగా, పెద్ద అక్షరాలతో, కాగితం మీదే వస్తావు. నేను తల ఎత్తకుండా చదువుతాను. నీ చివరి మాట తర్వాత రావలసిన వాక్యం ఎర్ర సిరాతో ఉంటుంది, మధ్యలో ఏ వంటవాడికీ చోటు లేదు. ముందుగా నిన్ను పూర్తిగా తీసేసి ప్రసంగం ఒకసారి పైకి చదువుతాను. నువ్వు లేని చోట అర్థం కుంటుపడితేనే నీకు కబురు. కుంటుపడకపోతే నువ్వు పిల్లల తరగతికి వెళ్లు, అక్కడ నిన్ను నిజంగానే ప్రేమిస్తారు, ఆ మాటకొస్తే నేనూ అక్కడే మొదట విన్నాను.

వచ్చే ఆదివారం వాక్యభాగం యోనా గ్రంథం మొదటి అధ్యాయం. అందులో ఓడ ఉంది, తుఫాను ఉంది, నిద్రపోయేవాడున్నాడు, ఓడ నాయకుడు కూడా ఉన్నాడు. అప్పుడే సామాను సర్దుకోకు. ఆ నాయకుడే హడలిపోయి, నిద్రపోతున్నవాణ్ని లేపి ప్రార్థించమంటున్నాడు. ఆయనకు కూతురున్నట్టు వాక్యంలో ఎక్కడా లేదు.

ఇట్లు,
28 నిమిషాల కాగితంతో,
మీ ప్రసంగికుడు