ఏడో స్లైడు తర్వాత

తెర నీలంగా మారి, మధ్యలో No Signal అని రెండు ముక్కలు కనబడగానే నేను చేసిన మొదటి పని క్లిక్కర్ మళ్లీ నొక్కడం. రెండో పని, ఇంకొంచెం గట్టిగా నొక్కడం. మూడోసారి చెయ్యి బారుగా చాచి, తెరకే గురిపెట్టి నొక్కాను. క్లిక్కర్ మాట వినేది ల్యాప్‌టాప్‌కు గుచ్చిన చిన్న రిసీవరే తప్ప తెర కాదని నాకు తెలుసు. కానీ అలాంటప్పుడు చెయ్యి బుర్రను అడిగి కదలదు.

హాల్లో 150 మంది. 20 నిమిషాల ప్రసంగంలో ఏడో స్లైడు. ల్యాప్‌టాప్ కూడా చీకటైపోయింది. ఛార్జర్ బుద్ధిగా పెట్టాను గానీ, అది గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్ వేయలేదు. బ్యాటరీ పాపం ఓపికున్నంత సేపు లాక్కొచ్చి, ఆగిపోయింది.

నిజం చెప్పాలంటే నేను దీనికి సిద్ధపడే వచ్చాను. స్లైడ్లు పోతే ఏమనాలో వారం ముందే పది వాక్యాలు రాసుకున్నాను. మంచి చమత్కారంగా కూడా వచ్చాయి. అద్దం ముందు చెప్పుకుని నేనే నవ్వుకున్నాను. ఒకటే చిన్న లోపం. వాటిని స్లైడ్ల కింద నోట్స్‌లో రాసుకున్నాను. స్లైడ్లు పోయినప్పుడు చదవాల్సిన మాటలు స్లైడ్లతో పాటే పోయాయి. తాళంచెవి లోపల పెట్టి బయటి నుంచి తలుపు లాగేసినట్టయింది.

ఇక నోటికొచ్చింది మాట్లాడాను. "ఒక్క నిమిషం అండి." "సారీ అండి." "ఇందాక బాగానే ఉందండి." ఈ మూడింటినీ తిరగేసి మరగేసి ఓ ఎనిమిది సార్లు అనుంటాను. "ఇందాక బాగానే ఉంది" అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, దానివల్ల ఇంతవరకు ఏ యంత్రమూ సిగ్గుపడి పనిచేయడం మొదలుపెట్టలేదు.

ఈలోగా శ్రేయోభిలాషులు వచ్చేశారు. కేబుల్ ఊడిందని ఒకాయన, విండోస్ మీటతో పాటు P నొక్కమని ఇంకొకాయన. రీస్టార్ట్ చెయ్యమని మూడో ఆయన. ఆరిపోయినదాన్ని రీస్టార్ట్ ఎలా చేస్తారో అడిగే తీరిక నాకు లేదు. నలుగురం ల్యాప్‌టాప్ మీద వంగాం. అంటే 150 మందికి మా నాలుగు వీపులు తప్ప చూడ్డానికి ఇంకేమీ లేవు. స్విచ్ దొరికి, ల్యాప్‌టాప్ లేచి, పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పుకొట్టి, ఫైలు తెరిచేసరికి ఆరు నిమిషాలు. తిరిగి చూస్తే సగం తలలు ఫోన్లలో ఉన్నాయి.

అయ్యాక సౌండ్ చూసే పెద్దాయన వైర్లు చుట్టుకుంటూ ఒక మాటన్నారు. "మీ ల్యాప్‌టాప్ పోయిందని ఎవరూ బాధపడలేదు బాబూ. ఎంతసేపు కూర్చోవాలో తెలియకే విసుక్కున్నారు."

ఇంటికెళ్లి నా పది వాక్యాలను మళ్లీ చదివాను. పదీ జోకులే. ఏం జరిగింది, ఎంతసేపు పడుతుంది, అంతదాకా మీరేం చేయాలి అన్న మూడు సంగతుల్లో ఒక్కటీ లేదు. అప్పుడు కొత్తగా రాసుకున్నాను: "ల్యాప్‌టాప్ ఆగిపోయింది. రెండు నిమిషాలు చూద్దాం. రాకపోతే స్లైడ్లు లేకుండానే ముగిస్తాను. ఈలోపు తర్వాతి బొమ్మలో ఏముందో మాటల్లో చెప్తాను." దీనికి ఎవరూ నవ్వరు. ఫోనూ తీయరు. "రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది" అనకుండా "రెండు నిమిషాలు చూద్దాం" అన్నది కావాలనే. యంత్రం తరఫున మనం మాటిస్తే అది నిలబెట్టదు.

జోకు అసలు వద్దని కాదు. 1998లో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా విండోస్ 98 డెమో మధ్యలోనే ఆగిపోయి నీలితెర వేసేసింది. అందుకే కాబోలు దీన్ని ఇంకా మార్కెట్లోకి వదల్లేదు అన్నారాయన. హాలంతా నవ్వింది. జరిగినదాన్ని దాచకుండా, నెపం పక్కవాళ్ల మీదికి నెట్టకుండా అన్న జోకు కాబట్టి పేలింది. నా పదింటిలో నాలుగు ప్రొజెక్టర్ కుర్రాణ్ణి ఆటపట్టించేవి. మనల్ని గట్టెక్కించాల్సిన మనిషినే వెక్కిరిస్తే అతని వేళ్లు ఇంకా తడబడతాయి, పైగా జనం అతని వైపు చేరిపోతారు.

జోకు కన్నా గట్టిది చిన్న కథ. 2007 జనవరిలో ఐఫోన్ చూపించిన రోజు స్టీవ్ జాబ్స్ క్లిక్కర్ మొరాయించింది. క్లిక్కర్ పనిచేయడం లేదని మామూలుగా చెప్పేసి, కుర్రతనంలో తన స్నేహితుడు వోజ్నియాక్ తయారుచేసిన టీవీ జామర్‌తో హాస్టల్లో టీవీ చూసేవాళ్లను ఎలా ఏడిపించారో చెప్పారు. తెరవెనక వాళ్లకు సర్దుకునే వ్యవధి దొరికింది. అది స్లైడు అవసరం లేని కథ, సామాన్లు బాగయిన క్షణంలో ఎక్కడైనా తుంచేయగల కథ. నా దగ్గర ఉన్న కథ మా బావగారి పెళ్లిది, తక్కువలో తక్కువ పావుగంట. దాన్ని కత్తిరించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పెళ్లికూతురు కూడా ఎగిరిపోయింది గానీ, చివరికి 50 సెకన్లకు వచ్చింది.

వీటన్నిటినీ ఒక అట్టముక్క మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఒకవైపు బొమ్మ పోతే, రెండోవైపు శబ్దం పోతే. రెండోవైపు కథ లేదు, జోకు లేదు. మైకు చచ్చాక జోకేస్తే ముందు రెండు వరుసలు నవ్వుతాయి, వెనకవాళ్లు ఏమన్నాడు ఏమన్నాడని పక్కవాళ్లను పొడుస్తారు, నవ్వు కన్నా ఆ గోలే ఎక్కువ. అందుకని అక్కడ రాసుకున్నది ఇంతే: చెయ్యి పైకెత్తు, ముందుకు నడువు, చిన్న వాక్యాలు, నింపాదిగా. ఆ పైన ఒకే ఒక్క ప్రశ్న. అందరం "వెనక వినిపించని వాళ్లు చేతులెత్తండి" అంటాం. వినిపించని వాళ్లకు ఆ మాట మాత్రం ఎలా వినిపిస్తుంది? కాబట్టి "వినిపిస్తున్న వాళ్లు చెయ్యెత్తండి" అనాలి. చేతులు ఏ వరుస దాకా లేచాయో మన గొంతు అక్కడిదాకానే వెళ్లిందన్నమాట. అక్కణ్ణుంచి ఇంకో నాలుగడుగులు ముందుకు నడిచి మళ్లీ అడగడమే.

రెండు నెలల తర్వాత ఇంకో ప్రసంగం. ఈసారి ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్ మూడుసార్లు చూసుకున్నాను. పోయింది కాలర్ మైకు. నడుముకు తగిలించిన డబ్బాలో బ్యాటరీ అయిపోయింది. ఒక్కసారిగా నా గొంతు పల్చబడి, ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టయింది. అట్ట తీయాల్సిన పని కూడా పడలేదు. చెయ్యెత్తాను. ముందుకు నడిచాను. "మైకు ఆగింది. రెండు నిమిషాలు చూద్దాం. వినిపిస్తున్న వాళ్లు చెయ్యెత్తండి." తొమ్మిదో వరుస దాకా లేచాయి. నాలుగడుగులేశాను. ఈసారి చివరి వరుస కూడా లేచింది. బ్యాటరీ మార్చడానికి సౌండ్ కుర్రాడు నా వెనక్కి చేరాడు. నేను ముందరివాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్క ఫోను కూడా బయటికి రాలేదు.

కొత్త బ్యాటరీ వేసి, డబ్బా మళ్లీ నడుముకు తగిలించి, కుర్రాడు బొటనవేలు చూపించాడు. "ఇంకా ఆన్ చేయలేదుగా?" అన్నట్టు నేనేదో సైగ చేశాను. అతను తలూపాడు. ఏ అర్థంతో ఊపాడో నేను అడిగి ఉండాల్సింది. గుక్కెడు నీళ్లు తాగుతూ అతని చెవిలో గుసగుసగా అన్నాను. "ప్రాణం పోయిందయ్యా. వీపంతా చెమటే. వీళ్ల సంగతి సరే గానీ, ముందు వరుసలో ఆ నీలం చొక్కా పెద్దమనిషి మొదటి స్లైడు నుంచీ నిద్రే."

నా గుసగుస హాలు నాలుగు మూలల నుంచీ చక్కగా, స్పష్టంగా తిరిగొచ్చింది.

ముందు వరుసలో నీలం చొక్కాయన కళ్లు తెరవకుండానే చెయ్యెత్తాడు.