ఆఫీసుకీ అనంతగిరికీ ఒకటే బ్యాగా?

కిరణ్ అడిగాడు: "నాగోల్ నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రో. వీకెండ్లలో అనంతగిరి లాంటి చోట్లకి వెళ్లి ఒక రాత్రి ఉండి వస్తాను. రెండింటికీ ఒకటే బ్యాగు కొనాలి. ఎన్ని లీటర్లది? వీపు దగ్గర గాలాడే జాలీ, నడుం బెల్టు, రెయిన్ కవర్, ఇవన్నీ కావాలా?"

మామయ్య: 45 లీటర్లది కొనెయ్‌రా. ఖాళీ ఉంటే నష్టమేముంది? చోటు చాలకపోతేనే ఇబ్బంది.

మల్లిక: నష్టం భుజాలకి, మామయ్యా. లాప్‌టాప్, ఛార్జర్, లంచ్ బాక్స్, లీటరు నీళ్లు, గొడుగు... ఇవన్నీ 20 లీటర్లలో సర్దుకుంటాయి. వాటినే 45లో పడేస్తే అడుక్కి జారిపోయి బ్యాగు వెనక్కి వాలుతుంది. బరువు అంతే, లాగుడు మాత్రం ఎక్కువ. పైగా అమీర్‌పేటలో జనం ఎక్కాక అంత బ్యాగుని ముందుకి తగిలించుకుని నిలబడితే ఎదుటివాళ్ల తిట్లు ఖాయం. 28 నుంచి 30 లీటర్లది చాలు, రెండు పక్కలా బిగించే పట్టీలుండాలి. ఆఫీసు రోజుల్లో వాటిని లాగేస్తే సగం బ్యాగు అవుతుంది.

మామయ్య: ఒక రాత్రి ఉండాలంటే దుప్పటి, బట్టలు, తిండి! 30లో ఎలా పడతాయి?

మల్లిక: లాప్‌టాప్ ఇంట్లో వదిలేస్తాడుగా. ఒక జత బట్టలు, పల్చటి దుప్పటి, టార్చి, 2 లీటర్ల నీళ్లు, తినడానికేదో. బ్యాగుతో కలిపి 7, 8 కిలోలు దాటదు. టెంటు కూడా మొయ్యాలంటే మాత్రం మీరన్నదే కరెక్టు, 30 చాలదు.

మామయ్య: సరే. జాలీ మాత్రం ఉండాల్సిందే. ఎండాకాలం స్టేషన్ నుంచి ఆఫీసుకి నడిచేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోతుంది.

మల్లిక: వీపుకీ బ్యాగుకీ మధ్య సందు వదిలి, బిగించి కట్టిన జాలీ ఉంటే గాలి బాగా ఆడుతుంది, కాదనను. కానీ ఆ సందు కోసం లోపలి ఫ్రేము విల్లులా వంగి ఉంటుంది. అరలో లాప్‌టాప్ తిన్నగా కూర్చోదు, బరువు కూడా వీపుకి కాస్త దూరం జరుగుతుంది. మధ్యలో గాడి ఉన్న ఫోమ్ ప్యాడ్‌కి అంత గాలి ఆడదు గానీ సామాను బుద్ధిగా కూర్చుంటుంది. రోజూ లాప్‌టాప్ మోసేవాడికి నేనైతే అదే చెబుతా.

మామయ్య: ఏసీలో కూర్చుని చెప్పే మాట! మేలో ఆ ఫోమ్ వేసుకుని తిరిగి చూడు. ఇక నడుం బెల్టంటావా, ఒట్టి షోకు. అలిపిరి మెట్లు ఎక్కినప్పుడు నాకేం బెల్టుంది?

మల్లిక: సామాను కింద కౌంటర్లో ఇచ్చేసి కొండపైన తీసుకున్నారుగా! మీరు మోసింది నీళ్ల సీసానే.

మామయ్య: అది వేరే సంగతిలే. మొన్న షాపులో కట్టి చూశాను, పొట్ట మీద బిగుసుకుని ఊపిరాడలేదు.

మల్లిక: పొట్ట మీద కాదు, తుంటి ఎముక పైన కూర్చోవాలి. ముందు బెల్టు బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగాలి. ఆఫీసు సామాను 5 కిలోలే, దానికి బెల్టు పనిలేదని నేనూ అంటాను. 8 కిలోలతో రెండు గంటలు గుట్టలెక్కినప్పుడే దాని విలువ తెలుస్తుంది. అదీ వీపు వైపు గట్టి పలకో ఫ్రేమో ఉంటేనే. మెత్తటి బ్యాగుకి కుట్టిన సన్నటి పట్టీ ఊగకుండా ఆపుతుంది, అంతే. షాపులో ఏడెనిమిది కిలోలు వేయించి, బెల్టు బిగించి, భుజం పట్టీలు వదులు చెయ్యమనండి. బ్యాగు కుంగి కిందికి జారిందా, ఆ బెల్టు బరువు మొయ్యదు. విప్పి తీసేసే రకమైతే ఇంకా మంచిది, మెట్రో స్కానర్‌లో వేలాడుతూ చిక్కుకోదు.

మామయ్య: రెయిన్ కవర్ ఉందిగా, వానకి భయం లేదు. అది మాత్రం ఒప్పుకో.

మల్లిక: సగమే. కవర్ వీపు వైపు మూయదు కదా, మెడ మీంచి కారిన నీళ్లు పట్టీల వెంబడి లోపలికి దిగుతాయి. బండి మీద వెళ్తే గాలికి ఉబ్బి ఊడిపోతుంది కూడా. లాప్‌టాప్‌ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి మడవాలి, పైన కవరూ వెయ్యాలి. ఇంటికొచ్చాక కవర్ ఆరబెట్టకుండా జేబులోకి కుక్కితే నాలుగు రోజులకే కంపు.

మామయ్య: ఇన్ని తిప్పలు పడే బదులు ఆఫీసుకి ఒకటి, ఊళ్లకి ఒకటి కొనుక్కోవచ్చుగా?

మల్లిక: డబ్బుంటే అదే హాయి, కాదనను. వాడు ఒకటే అన్నాడు.

మామయ్య: అయితే 30 లీటర్లదే కొనమను. జాలీ సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

మల్లిక: సొంత లాప్‌టాప్ షాపుకి పట్టుకెళ్లి రెండు రకాల్లోనూ పెట్టి చూడరా కిరణ్. జాలీ ఉన్నదాంట్లో తిన్నగా కూర్చుంటే మామయ్య మాటే విను.