ఆ మెసేజ్ రాసినాయన రొట్టె పెంక దించినట్టు లేడు

"వంటగట్టుకు గ్రానైట్ కాలం అయిపోయింది! క్వార్ట్జ్ గ్రానైట్ కన్నా గట్టిది. పొయ్యి మీది గిన్నె నేరుగా పెట్టినా ఏమీ కాదు. మరక అంటదు, మెయింటెనెన్స్ సున్నా. అంత బడ్జెట్ లేకుంటే మార్బుల్ వేయించి సీలర్ కొట్టండి, పులుపు పడినా భయం లేదు. గ్రానైట్‌లో రేడియేషన్ ఉంటుంది, క్యాన్సర్ వస్తుంది. ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరికీ పంపండి."

పంపారు. ఈ నెలలో నాకు నలుగురు పంపారు. నాలుగో మనిషి మిర్యాలగూడ బావ. ఆయన వంటగట్టుకు వచ్చే వారమే స్లాబు కోయాలి. నేను నల్లగొండలో చేసేదే వంటగట్లకు కొలతలు తీసి, బండలు కోయించి బిగించే పని. అది తెలిసి కూడా ఆ మెసేజ్‌ను నాకే పంపి, కింద 'నిజమేనా బామ్మర్దీ' అని అడిగాడు.

గట్టిదనం గొడవ ఒక్క మాటలో తేలిపోతుంది. కూరగాయల కత్తికి అటు గ్రానైటూ లొంగదు, ఇటు క్వార్ట్జూ లొంగదు. కత్తే మొద్దుబారుతుంది. వంటింట్లో ఆ రెంటి మధ్య తేడా కనిపెట్టగలిగినవాడికి దండం పెడతా.

ఇక రేడియేషన్. యురేనియం పేరు ఎత్తితే మన జిల్లాలో ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. లంబాపూర్, పెద్దగట్టు గనుల గొడవ చూసినవాళ్లం కదా. కానీ వంటగట్టు బండలో ఉండేది అతి స్వల్పం, దాని కోసం నిద్ర మానుకోనక్కర్లేదు. మరీ భయమైతే ముందు గ్రానైట్ కొండే అయిన భువనగిరి గుట్టను ఖాళీ చేయించాలి. అసలు ప్రమాదం బండ కోసేవాడి ఊపిరితిత్తులకు. క్వార్ట్జ్ స్లాబులో సిలికా చాలా ఎక్కువ. ఆ దుమ్ముతో వచ్చే జబ్బు వల్లే ఆస్ట్రేలియా 2024 జులై నుంచి ఆ స్లాబులను నిషేధించింది. మీ వాకిట్లో నీళ్లు పోయకుండా కట్టర్ పెడితే, అది ఏ బండైనా సరే, అక్కడికక్కడే ఆపండి.

అసలు కోపం ఆ వేడిగిన్నె మాట మీద. దీన్ని నమ్మితే డబ్బులు నిజంగా కాలిపోతాయి.

క్వార్ట్జ్ స్లాబు గుట్టలోంచి కోసుకొచ్చిన బండ కాదు. క్వార్ట్జ్ రాతి పొడిలో రంగూ, ప్లాస్టిక్ జాతి రెసినూ కలిపి, ప్రెస్‌లో నొక్కి, వేడితో గట్టిపరిచిన పలక. బరువులో రెసిన్ వాటా పదో వంతు కన్నా తక్కువే, కానీ పొడిని పట్టి ఉంచేది అదే. రాతి పొడికి మన పొయ్యి వేడి లెక్క కాదు. రెసిన్ మాత్రం సుమారు 150 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది.

ఇప్పుడు మన వంటింటికి రండి. విజిల్ వచ్చిన కుక్కర్‌లో నీళ్ల వేడి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని దించి గట్టు మీద పెడితే చాలాసార్లు ఏమీ కాదు. మెసేజ్ రాసినాయన ఆ కుక్కర్ ఒక్కటే పెట్టి చూసి ఉంటాడు. గారెలు తీసిన మూకుడులో నూనె 180 ఉంటుంది. జొన్నరొట్టెల ఇనుప పెంకలో నీళ్లూ ఉండవు, నూనే ఉండదు. అది 200 దాటి ఎక్కడికో పోతుంది.

మహబూబ్‌నగర్‌లో మేం బిగించిన ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. తెల్ల క్వార్ట్జ్ గట్టు. ఆ ఇంటి అక్క రోజూ సాయంత్రం పది, పన్నెండు రొట్టెలు చేసి, పెంకను గుడ్డతో పట్టుకుని పొయ్యికి కుడిపక్కన, ఎప్పుడూ ఒకే చోట పెట్టేది. మొదట్లో ఏమీ కనిపించలేదు. తర్వాత అక్కడ మెరుపు తగ్గింది. ఆ తర్వాత చాయ్ రంగులో నెలవంక లాంటి గీత వచ్చింది. మరక అనుకుని సబ్బు, వంట సోడా, నిమ్మచెక్క అన్నీ రుద్దింది. నేను వెళ్లి వేలితో తడిమి చూస్తే అక్కడ గరుకుగా తగిలింది. మరకైతే నునుపు పోదు. అది కాలిన రెసిన్. పాలిష్ మనిషి సన్నప్యాడ్‌తో రుద్దితే రంగు కాస్త తగ్గింది కానీ, కిటికీ వెలుగులో ఏటవాలుగా చూస్తే అక్కడ సొట్ట పడ్డట్టు తెలుస్తుంది. వారంటీ కాగితం తీస్తే వేడి వల్ల అయిన నష్టం తమది కాదని ముందే రాసుకున్నారు.

ఆర్నెల్లకు పొయ్యి కోసం కోసిన కంత మూల నుంచి వెంట్రుకంత పగులు కూడా వచ్చింది. పెంక కింద పలక ఉబ్బుతుంది, చుట్టూ ఉన్నది చల్లగా బిగుసుకుని ఉంటుంది, ఆ లాగుడంతా మూల మీద పడుతుంది. అయితే ఇందులో మా తప్పూ ఉంది. ఆ మూలను గుండ్రంగా తిప్పకుండా చతురస్రంగా కోసింది మా వాళ్లే.

అదే పెంక గ్రానైట్ మీద పెడితే ఆ మచ్చ రాదు. సింకు ముందుండే సన్నపట్టీలోనో, బండలో పుట్టుకతో చార ఉన్నచోటనో పగిలే అవకాశం దానికీ లేకపోలేదు, కాని అరుదు.

మార్బుల్ సలహా ఇచ్చినవాడి ఇంట్లో పచ్చిపులుసు చేయరేమో. మార్బుల్‌లో ఉండేది సున్నపు ఖనిజం. చింతపండు, నిమ్మ, పెరుగు, దేని పులుపు తగిలినా పైపొర కరిగి, మెరుపు పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. సీలర్ చేసేది సందుల్లోకి నూనె, పసుపు దిగకుండా ఆపడం. పులుపు పైపొరనే తింటుంటే సందులు మూసి ఏం లాభం? పాత ఇళ్లలో షాబాద్ బండ మీద పులుసు గిన్నె పెట్టిన చోట తెల్లగుండ్రం చూసే ఉంటారు. అదీ సున్నపు జాతే. నమ్మకపోతే షాపులో ముక్క అడిగి నిమ్మచుక్క వేసి పావుగంట ఆగండి. పైగా మార్బుల్ మెత్తన. స్టీలు బిందె అడుగున ఇసుక రేణువు ఉంటే చాలు, లాగినంత మేరా గీతే.

మరక సంగతిలో మాత్రం చాలావరకు మెసేజ్ వైపే ఉన్నాను. మంచినూనె విషయంలో క్వార్ట్జ్ గెలుస్తుంది. దానికి నూనె పీల్చే సందులు లేవు, సీలర్ అక్కర్లేదు. మా ఇంట్లో ఉన్నది లేతరంగు గ్రానైట్. నలుగురికి సీలర్ కొట్టించే నేను నా గట్టుకు కొట్టలేదు. నూనె సీసా అడుగు గుండ్రం దిగిపోయింది. వంట సోడాను నీళ్లతో ముద్ద చేసి పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి, ఒక రోజు ఉంచి తీశాను. రెండుసార్లు చేస్తే సగం పోయింది. మిగతా సగం మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. లేతరంగు బండ తీసుకునేవాళ్లు దాని మీద నీటిచుక్క వేసి పది నిమిషాలు చూడండి. కింద నల్లబడితే సీలర్ కావాలని అర్థం. చిక్కటి నల్లబండలో ఈ బెడద తక్కువ. కాకపోతే రంగు పూసి నల్లగా చేసినవీ వస్తాయి, నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తెల్లగుడ్డ తడిపి రుద్దితే బయటపడుతుంది.

ఇదంతా ఫోన్‌లో చెప్పాను. బావ అంతా విని, "మీ అక్కకు తెల్ల క్వార్ట్జే కావాలట, మరి పెంక ఎక్కడ పెట్టాలి" అన్నాడు. పొయ్యి పక్కన ఇనుప స్టాండు ఒకటి పెట్టుకోమన్నాను. కంత మూలలు ఈసారి నేనే దగ్గరుండి గుండ్రంగా కోయిస్తా.